కొత్త బ్యాచ్ ప్రకటన: కొద్ది మాటలలో పూర్తి సమాచారం

పూర్వం గ్రామాలలో ఏ విషయమైనా అందరికీ తెలియవలసి వచ్చినప్పుడు దండోరా వేయించేవారు. డప్పు మోగగానే జనం గుమిగూడేవారు. చాటింపు వేసేవాడు ఎవరి ఆజ్ఞ, ఏ పని, ఏ రోజు, ఏ చోటు అనే నాలుగు సంగతులను బిగ్గరగా చెప్పి తరువాతి వీధికి సాగిపోయేవాడు. వినేవారికి మళ్ళీ అడిగే వీలు ఉండేది కాదు. కనుక మొదటిసారి చెప్పినప్పుడే విషయమంతా తెలిసిపోవాలి. ఈనాడు చేతిలోని ఫోనుకు వచ్చే ప్రకటన స్వభావం కూడా ఇంచుమించు ఇదే. దానిని చదివేవారు బస్సులోనో, పొలం గట్టు మీదనో ఉంటారు. చదివిన అర నిమిషంలో వారు ఒక నిర్ణయానికి వస్తారు.

ఇటువంటి ప్రకటనలలో శిక్షణ సంస్థలు కొత్త బ్యాచ్‌ను గురించి వెలువరించే ప్రకటన విద్యార్థులకు బాగా పరిచితమైనది. ఇందులో తరగతుల సమయం, ఫీజు, చేరే విధానం అనే మూడు అంశాలు ప్రధానమైనవి. ఈ మూడింటిలో ఏది అస్పష్టంగా ఉన్నా నష్టపోయేది చదివేవారే. ఆ నష్టం ఎలా కలుగుతుందో, దానిని నివారించేలా ప్రకటనను ఎలా రాయాలో ఒక ఉదాహరణ ద్వారా పరిశీలించవచ్చు.

మొదటి ప్రతి

తెనాలి పట్టణంలో ఒక చిన్న శిక్షణ కేంద్రం ఉన్నదని భావించాలి. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం పరీక్షలు ముగిశాక ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షకు ఆరు వారాల శిక్షణ ఇవ్వాలని ఆ సంస్థ నిర్వాహకులు నిశ్చయించారు. వారు మొదట ఈ విధంగా ప్రకటన రాశారు.

"శుభవార్త! శుభవార్త!! విద్యార్థులారా! తల్లిదండ్రులారా! మీ భవితకు బంగారు బాట! అపార అనుభవం గల అధ్యాపకులచే ఎంసెట్ కొత్త బ్యాచ్ వచ్చే సోమవారం నుండి ప్రారంభం. ర్యాంకు గ్యారంటీ. ఉదయం తరగతులు. ఫీజు కేవలం రూ.9,000 మాత్రమే. సీట్లు పరిమితం. త్వరపడండి. నేడే సంప్రదించండి."

చూడగానే ఇందులో లోపమేమీ కనిపించదు. బ్యాచ్ ఉన్నది, రోజు ఉన్నది, ఫీజు ఉన్నది. కాని ఈ ప్రకటనను తెనాలికి కొంత దూరంలో ఉన్న వేమూరులో ఒక కౌలు రైతు చదివినట్లు ఊహించాలి. ఆయన కుమార్తె ఇంటర్మీడియట్ పరీక్షలు రాసింది. రోజూ ఊరి నుండి వెళ్ళి వస్తూ చదువుకోవాలని ఆమె కోరిక. ప్రకటన ఆయన ఫోనుకు నేరుగా రాలేదు. బంధువు ఒకరు దానిని మంగళవారం నాడు పంపారు. ఆ బంధువుకు అది అంతకు ముందటి శుక్రవారం అందింది.

ఇప్పుడు మొదటి చిక్కు ఎదురవుతుంది. శుక్రవారం రాసిన "వచ్చే సోమవారం" మంగళవారం చదివేసరికి వేరొక సోమవారం అయిపోయింది. నిజానికి తరగతులు నిన్ననే మొదలయ్యాయి. తండ్రి మాత్రం ఇంకా ఆరు రోజుల వ్యవధి ఉన్నదని భావిస్తాడు. "నేడు", "రేపు", "ఈ వారం", "వచ్చే సోమవారం" వంటి పదాలకు స్వతంత్రమైన అర్థం లేదు. మాట పుట్టిన రోజును బట్టి వాటి అర్థం నిర్ణయమవుతుంది. ఎదురెదురుగా మాట్లాడుకునేవారికి ఆ రోజు తెలుసు గనుక బాధ లేదు. చేతులు మారే సందేశంలో మాత్రం అవి తప్పుదారి పట్టిస్తాయి. అందువల్ల ప్రకటనలో తేదీ, నెల, సంవత్సరం, వారం నాలుగూ ఉండాలి. తేదీతోపాటు వారం రాయడం వృథా కాదు. 30-3-2026 సోమవారం అని రాస్తే, తేదీలో ఒక అంకె పొరపాటున మారినా వారం దానిని పట్టి ఇస్తుంది. తేదీకీ వారానికీ పొంతన కుదరకపోతే చదివేవారు వెంటనే అనుమానించి అడుగుతారు.

రెండవ చిక్కు "ఎంసెట్" అనే మాటలో ఉన్నది. ఆ పేరు జనవ్యవహారంలో ఇంకా నిలిచి ఉన్నప్పటికీ, ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుండి, తెలంగాణలో 2024 నుండి ఆ పరీక్షను ఈఏపీసెట్ అని వ్యవహరిస్తున్నారు. రెండు రాష్ట్రాల పరీక్షలు వేరు. పైగా అందులో ఇంజనీరింగ్ విభాగం వేరు, వ్యవసాయ, ఫార్మసీ విభాగం వేరు. మొదటి దానిలో గణితం ఉంటుంది. రెండవ దానిలో దాని స్థానంలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం ఉంటాయి. ఏ రాష్ట్రం, ఏ విభాగం అన్నది చెప్పకపోతే బైపీసీ చదివిన విద్యార్థి బస్సు ఎక్కి వచ్చి, గణితం బోధించే తరగతి ముందు నిలబడవలసి వస్తుంది.

మూడవ చిక్కు "ఉదయం తరగతులు". తెల్లవారుజామున ఐదు గంటలా, పది గంటలా? వేమూరు విద్యార్థినికి ఇది చిన్న సంగతి కాదు. ఆమె బయలుదేరే వేళను, తిరిగి ఇల్లు చేరే వేళను బట్టి ఆమె చేరగలదా లేదా అన్నది తేలుతుంది. కాబట్టి ఆరంభ సమయంతోపాటు ముగింపు సమయం కూడా తప్పక ఉండాలి. పట్టణంలో నివసించేవారు ఆరంభ సమయాన్ని చూస్తారు. బయటి ఊళ్ళ నుండి వచ్చేవారు ముందుగా ముగింపు సమయాన్ని చూస్తారు.

ఫీజు అనగా ఎంత?

ఈ ప్రకటనలో అన్నిటికంటె ప్రమాదకరమైన మాట "కేవలం రూ.9,000 మాత్రమే" అన్నది. తండ్రి ఆ మొత్తాన్ని సమకూర్చుకొని కూలి పని మాని తెనాలి వెళ్ళాడు. అక్కడ కార్యాలయంలో ఆయనకు లెక్క వేరుగా చెప్పారు. బోధనకు రూ.9,000, దరఖాస్తు నమోదుకు రూ.500, పాఠ్యసామగ్రికి రూ.500. ఈ మూడూ కలిసి రూ.10,000. సంస్థ వీటన్నిటినీ ఒకే శిక్షణ సేవగా బిల్లు చేస్తుంది గనుక దాని మీద వస్తు సేవల పన్ను నూటికి 18 చొప్పున రూ.1,800. వెరసి రూ.11,800. ప్రకటనలో చదివిన దానికీ, చెల్లించవలసిన దానికీ మధ్య తేడా రూ.2,800.

ఈ సంఖ్యలలో ఏదీ అబద్ధం కాదు. బోధన ఫీజు నిజంగానే తొమ్మిది వేలు. అయినా ప్రకటన మోసమే చేసింది. ఎందుకంటే చదివేవారు ప్రకటనలోని ఫీజును "నా జేబు నుండి వెళ్ళే మొత్తం" అని అర్థం చేసుకుంటారు. రాసేవారు దానిని "మా లెక్కల పుస్తకంలోని మొదటి పద్దు" అని అనుకున్నారు. మాట ఒకటే, అర్థాలు రెండు. ప్రకటన రచనలో అనుసరించవలసిన అర్థం చదివేవారిది. కాబట్టి ఫీజు అన్నచోట అన్నీ కలిపిన మొత్తాన్నే రాయాలి. విడివిడి పద్దులు కావాలంటే రసీదులో చూపవచ్చు.

ఇక్కడ పన్నును గురించి ఒక సంగతి తెలిసి ఉండాలి. శిక్షణ సంస్థల సేవపై పన్ను రేటు 18 శాతం. అయితే సేవలు అందించే సంస్థ వార్షిక వ్యాపార పరిమాణం రూ.20 లక్షలు మించనంత వరకు సాధారణంగా పన్ను కింద నమోదు కావలసిన అవసరం లేదు. నమోదు కాని సంస్థ పన్ను పేరిట డబ్బు వసూలు చేయరాదు. కాబట్టి "పన్ను అదనం" అన్న మాట కనిపించినప్పుడు, రసీదు మీద సంస్థ జీఎస్టీ నమోదు సంఖ్య ఉన్నదా లేదా అని చూసుకోవాలి.

ఒకేసారి చెల్లించనక్కరలేదంటే ఆ సంగతి కూడా ప్రకటనలోనే చెప్పాలి. తెనాలి కేంద్రం నిజానికి రెండు వాయిదాలకు అంగీకరిస్తుంది. చేరేటప్పుడు రూ.5,900, ఏప్రిల్ 18వ తేదీలోగా మిగిలిన రూ.5,900. ఈ ఒక్క మాట ప్రకటనలో ఉండి ఉంటే, తొమ్మిది వేలు చేతపట్టుకొని వెళ్ళిన తండ్రి వెనుదిరిగి రావలసిన పనే ఉండేది కాదు. మొదటి వాయిదా చెల్లించి, కుమార్తె పేరు నమోదు చేయించి, మూడు వేల వంద రూపాయలతో ఇల్లు చేరేవాడు. "వాయిదాలలో చెల్లించవచ్చు" అని మాత్రమే రాసినా చాలదు. ఎన్ని వాయిదాలు, ఒక్కొక్కటి ఎంత, ఏ తేదీలోగా అన్నవి అంకెలలో ఉండాలి.

ఫీజుకు సంబంధించి మరొక ప్రశ్న తల్లిదండ్రుల మనసులో ఉంటుంది; చాలామంది అడగడానికి మొహమాటపడతారు. మధ్యలో మానవలసి వస్తే డబ్బు తిరిగి ఇస్తారా? కేంద్ర విద్యా మంత్రిత్వశాఖ 2024 జనవరిలో రాష్ట్రాలకు పంపిన మార్గదర్శకాలు ఈ విషయాన్ని ప్రస్తావించాయి. పూర్తి ఫీజు చెల్లించిన విద్యార్థి మధ్యలో మానితే, మిగిలిన కాలానికి దామాషా ప్రకారం లెక్కకట్టి, పది రోజులలోగా వాపసు చేయాలని అవి సూచిస్తున్నాయి. ఆరు వారాల శిక్షణకు రూ.11,800 మొత్తమూ చెల్లించిన విద్యార్థి మూడు వారాల తరువాత మానితే, సగం కాలం మిగిలినట్లు. కనుక వాపసు రావలసినది రూ.5,900. సంస్థ ఈ నియమాన్ని పాటిస్తున్నట్లయితే ప్రకటనలో ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం పది విశేషణాల కంటె ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

రాయకూడని మాటలు

"ర్యాంకు గ్యారంటీ" అన్నది ఎవరూ నిలబెట్టుకోలేని మాట. ర్యాంకు ఒక విద్యార్థి మార్కుల మీద మాత్రమే ఆధారపడదు. తక్కిన వేలాది మంది మార్కుల మీద కూడా ఆధారపడుతుంది. శిక్షణ సంస్థల తప్పుదారి పట్టించే ప్రకటనలను నివారించడానికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు వెలువరించింది. ఎంపిక అవుతుందని, ర్యాంకు వస్తుందని బూటకపు హామీ ఇవ్వడాన్ని అవి నిషేధించాయి. ఉత్తీర్ణులైన విద్యార్థుల పేర్లను, ఛాయాచిత్రాలను వారి అనుమతి లేకుండా వాడరాదు. ఆ అనుమతి కూడా వారు ఎంపికైన తరువాత తీసుకున్నదై ఉండాలి. కొరత లేనిచోట కొరత ఉన్నట్లు చూపి తొందరపెట్టడం కూడా తప్పే.

కాబట్టి "సీట్లు పరిమితం, త్వరపడండి" అనడానికి బదులు "సీట్లు 40" అని రాయాలి. పరిమితం అన్న మాట బెదిరిస్తుంది. నలభై అన్న అంకె తెలియజేస్తుంది. అలాగే "అపార అనుభవం" అన్న పదబంధాన్ని తీసివేసినా ప్రకటనకు నష్టం లేదు. ఒక మాటను తొలగించి చూసినప్పుడు చదివేవారి నిర్ణయంలో మార్పు రాకపోతే ఆ మాట అనవసరమని గ్రహించాలి. మొదటి ప్రతిలోని "శుభవార్త", "బంగారు బాట", "త్వరపడండి" అన్నీ ఈ పరీక్షలో తేలిపోతాయి. "సోమవారం" అన్న మాటను తీసివేస్తే మాత్రం ప్రకటన కుంటుపడుతుంది. క్లుప్తత అంటే అన్ని మాటలనూ సమానంగా కత్తిరించడం కాదు. పనికిరానివాటిని పూర్తిగా విడిచి, పనికివచ్చేవాటికి కావలసినంత చోటు ఇవ్వడమే క్లుప్తత.

చేరే విధానం

"నేడే సంప్రదించండి" అనేది విధానం కాదు. ఎవరిని, ఏ వేళ, ఎక్కడ, ఏమేమి తీసుకొని సంప్రదించాలి? చేరే విధానాన్ని రాసేటప్పుడు పనులను జరిగే క్రమంలోనే చెప్పాలి. ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క క్రియ ఉండాలి. ఫోన్ చేయాలి, దరఖాస్తు ఇవ్వాలి, వాయిదా చెల్లించాలి, రసీదు తీసుకోవాలి. రెండు పనులను ఒకే వాక్యంలో కలిపితే రెండవది జారిపోతుంది. ముఖ్యంగా ఏ మెట్టు దగ్గర సీటు ఖాయమవుతుందో స్పష్టంగా చెప్పాలి. ఫోన్ చేసినవారు తమ సీటు ఖాయమైనదని అనుకుంటారు. సంస్థ మాత్రం డబ్బు కట్టినవారికే సీటు ఇస్తుంది. చాలా వివాదాలకు మూలం ఇదే. అలాగే తేవలసిన పత్రాల పేర్లు చెప్పకుండా "అవసరమైన పత్రాలతో" అని రాస్తే చదివేవారు మరొక ప్రయాణం చేయవలసి వస్తుంది.

సవరించిన ప్రతి

పై అంశాలన్నిటినీ దృష్టిలో ఉంచుకొని రాసిన ప్రకటన ఈ విధంగా ఉంటుంది. నిజమైన ప్రకటనలో కుండలీకరణాలలో ఉన్న చోట్ల సంస్థ పేరు, ఫోన్ నంబరు ఉంటాయి.

ఏపీ ఈఏపీసెట్ (ఇంజనీరింగ్) కొత్త బ్యాచ్
(సంస్థ పేరు), గాంధీ చౌక్, తెనాలి
ప్రారంభం: 30-3-2026, సోమవారం. ముగింపు: 9-5-2026, శనివారం.
సమయం: ఉదయం 7.30 నుండి మధ్యాహ్నం 12.00 వరకు. ఆదివారం సెలవు.
ఫీజు: అన్నీ కలిపి రూ.11,800. చేరేటప్పుడు రూ.5,900, ఏప్రిల్ 18లోగా రూ.5,900.
సీట్లు: 40
చేరే విధానం:
1. ఫోన్ చేసి సీటు ఉన్నదో లేదో తెలుసుకోవాలి.
2. మార్చి 28, శనివారం సాయంత్రం 5లోగా కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వాలి. ఇంటర్ హాల్‌టికెట్ నకలు, రెండు ఫొటోలు తేవాలి.
3. మొదటి వాయిదా చెల్లించి రసీదు తీసుకోవాలి. రసీదు ఉన్నవారికే సీటు ఖాయం.
మధ్యలో మానితే మిగిలిన కాలానికి ఫీజు 10 రోజులలో వాపసు.
ఫోన్: (నంబరు), ఉదయం 9 నుండి సాయంత్రం 6 వరకు.

ఇందులో ఒక్క పొగడ్త మాట కూడా లేదు. అయినా వేమూరు రైతు అడగదలచిన ప్రతి ప్రశ్నకూ సమాధానం ఉన్నది. అంశాల క్రమం కూడా యాదృచ్ఛికం కాదు. ఇది నాకు సంబంధించినదా అన్నది చదివేవారి మొదటి ప్రశ్న; దానికి సమాధానం పరీక్ష పేరు. నేను వెళ్ళగలనా అన్నది రెండవది. దానికి చోటు, తేదీ, సమయం. నేను భరించగలనా అన్నది మూడవది, దానికి ఫీజు. ఈ మూడింటికీ అవునన్నవారే చేరే విధానం దాకా చదువుతారు. కాదన్నవారు మధ్యలోనే ఆగిపోతారు. వారి సమయం కూడా వృథా కాదు.

డెబ్బై అక్షరాల హద్దు

పై ప్రకటన గోడపత్రికకు, కరపత్రానికి, వాట్సాప్‌కు సరిపోతుంది. సాధారణ ఎస్సెమ్మెస్‌గా పంపాలంటే ఇంకా కుదించాలి. ఇక్కడ తెలుగులో రాసేవారు ఎదుర్కొనే ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉన్నది. ఒక ఎస్సెమ్మెస్‌లో 140 బైట్ల సమాచారం పడుతుంది. ఆంగ్ల అక్షరం ఒక్కొక్కటి ఏడు బిట్లలో ఇముడుతుంది గనుక 160 అక్షరాలు పడతాయి. తెలుగు లిపికి ఒక్కొక్క గుర్తుకు రెండు బైట్లు కావాలి. కనుక 70 గుర్తులు మాత్రమే పడతాయి. అది మించితే సందేశం రెండు ముక్కలై పోతుంది. ఆ ముక్కలను కలిపే సమాచారానికి కొంత చోటు పోవడంతో ఒక్కొక్క ముక్కలో 67 గుర్తులే మిగులుతాయి. వందలమందికి పంపే సంస్థకు రెండు ముక్కలంటే రెట్టింపు ఖర్చు.

ఇక్కడ గుర్తు అంటే బడిలో నేర్చుకున్న అక్షరం కాదు. హల్లు ఒక గుర్తు, దాని గుణింతం మరొక గుర్తు, ఒత్తును చేర్చే హలంతం వేరొక గుర్తు. "శిక్షణ" అన్న మాట కంటికి మూడక్షరాలు. యంత్రం మాత్రం శ, ఇకారం, క, హలంతం, ష, ణ అని ఆరు లెక్కిస్తుంది. "ప్రారంభం" ఎనిమిది, "మొదలు" ఐదు. "రుసుము" ఆరు; "ఫీజు" నాలుగు. సంయుక్తాక్షరాలు తగ్గేకొద్దీ సందేశం కుదించుకుపోతుంది. ఈ కారణం చేత ఇటువంటి చోట సంస్కృత సమాసం కంటె అచ్చ తెలుగు మాటో, వాడుకలో స్థిరపడిన పరభాషా పదమో ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఒక ప్రయత్నాన్ని గమనించాలి.

ఈఏపీసెట్ కొత్త బ్యాచ్ మార్చి 30 సోమ నుండి. ఉ.7.30-12. మొత్తం రూ.11,800.

ఖాళీలు, చుక్కలు కూడా లెక్కలోకి వస్తాయి. అన్నీ కూడితే ఇవి 71 గుర్తులు. ఒకే ఒక్క గుర్తు ఎక్కువ. చివరి చుక్కను తీసివేస్తే డెబ్బైకి సరిపోతుంది. కాని ఆ సందేశంలో ఫోన్ నంబరు లేదు, చోటు లేదు. చదివినవారు చేరాలనుకున్నా ఎక్కడికి వెళ్ళాలో తెలియదు. ఇటువంటి సందర్భంలో చుక్కతో కుస్తీ పట్టడం కంటె రెండు ముక్కల ఖర్చుకు సిద్ధపడడమే వివేకం. రెండు ముక్కలలో 134 గుర్తులు దొరుకుతాయి గనుక మిగతా సమాచారం హాయిగా పడుతుంది.

ఈఏపీసెట్ కొత్త బ్యాచ్ మార్చి 30 సోమ నుండి. ఉ.7.30-12. మొత్తం రూ.11,800. చేరికకు ఫోన్:(పది అంకెలు). గాంధీ చౌక్, తెనాలి

ఫోన్ నంబరులోని పది అంకెలతో సహా ఇది 115 గుర్తులు. సంస్థ పేరుకు మరి 19 గుర్తుల చోటు మిగిలింది. వాయిదాలు, పత్రాలు, వాపసు నియమం ఇందులో చోటు చేసుకోలేదు. వాటిని ఫోన్‌లో చెప్పవచ్చు. తేదీ, సమయం, మొత్తం ఫీజు మాత్రం విడువరానివి. ఎందుకంటే ఫోన్ చేయాలా వద్దా అన్నది వాటిని చూసే నిర్ణయిస్తారు.

ఆంగ్లంలో రాసేవారికి కూడా ఒక హెచ్చరిక అవసరం. సందేశమంతా ఆంగ్ల అక్షరాలలో ఉన్నా, మధ్యలో ఒక్కచోట ₹ గుర్తు వాడితే హద్దు 160 నుండి 70కి పడిపోతుంది. ఆ గుర్తు ఏడు బిట్ల పట్టికలో లేకపోవడమే కారణం. దానికి బదులు Rs అని రాస్తే ఇబ్బంది ఉండదు. తెలుగులో "రూ." అన్న సంక్షేపం కూడా మూడు గుర్తులే.

సంస్థలు ఎస్సెమ్మెస్‌లను మూకుమ్మడిగా పంపేటప్పుడు టెలికాం నియంత్రణ సంస్థ 2018లో చేసిన నిబంధనలను పాటించాలి. పంపేవారి పేరునూ, సందేశపు నమూనానూ ముందుగా నమోదు చేయించాలి. పంపిన పాఠం నమోదైన నమూనాతో సరిపోలకపోతే అది చేరదు. అందువల్ల తేదీ, ఫీజు వంటి మారే అంశాలకు నమూనాలోనే ఖాళీలు విడిచిపెట్టి నమోదు చేయించుకోవడం అవసరం.

పంపే ముందు

ప్రకటన పూర్తయిన తరువాత దానిని సంస్థతో సంబంధం లేని ఒక వ్యక్తికి చూపించాలి. ప్రకటనను పక్కన పెట్టించి నాలుగు ప్రశ్నలు అడగాలి. ఏ రోజు, ఏ వేళకు రావాలి? మొత్తం ఎంత తేవాలి, మొదట ఎంత కట్టాలి? ఏ పత్రాలు తీసుకురావాలి? సీటు ఎప్పుడు ఖాయమవుతుంది? ఆ వ్యక్తి తడుముకున్న చోట రచనలో లోపం ఉన్నట్లు. దానిని సవరించి, అంకెలను మరొక్కసారి కూడి చూసి, తేదీకి ఎదురుగా ఉన్న వారాన్ని పంచాంగంతోనో క్యాలెండరుతోనో సరిచూసి పంపాలి. ఒకసారి పంపిన సందేశం ఎన్ని చేతులు మారుతుందో ఎవరికీ తెలియదు. తరువాత సవరణ పంపినా అది మొదటి సందేశం వెళ్ళిన ప్రతి చోటికీ వెళ్ళదు. వేమూరు రైతుకు చేరినది మొదటి సందేశమే అయితే, ఆయన దానినే నమ్మి బయలుదేరుతాడు.

అభ్యాసం

1. "వచ్చే సోమవారం" అన్న మాట ప్రకటనలో ఎందుకు తగదో సోదాహరణంగా వివరించండి.
2. ఒక సంస్థ బోధనకు రూ.4,000, సామగ్రికి రూ.1,000 తీసుకొని, మొత్తంపై 18 శాతం పన్ను వసూలు చేస్తుంది. ప్రకటనలో రాయవలసిన ఫీజు ఎంత? దానిని రెండు సమాన వాయిదాలుగా చూపి ఒక వాక్యం రాయండి.
3. "బ్యాచ్", "మార్చి", "కొత్త" అన్న మాటలలో యంత్రం ఎన్నెన్ని గుర్తులు లెక్కిస్తుందో విడదీసి చూపండి.
4. మీ ఊరిలో వేసవి సెలవులలో జరిగే టైపింగ్ శిక్షణకు సమయం, ఫీజు, చేరే విధానం స్పష్టమయ్యేలా అరవై మాటలకు మించకుండా ప్రకటన రాయండి.